వీరన్న పేరు కొట్టేయించండి చూద్దాం

అంబాజీపేట కొట్లలో వీరన్న కొబ్బరికాయ ఒలుస్తుంటే ఎగిరే పీచుకు లారీ డ్రైవర్లు పట్టపగలే లైట్లు వేసుకునేవారు. రోజుకు రెండు వేల కాయలని ఊరంటుంది, మూడు వేలని ఆయనంటాడు. లెక్కపెట్టబోయినవాడు మధ్యలో నిద్రపోయాడు గనక మూడు వేలే ఖాయం చేద్దాం.

అంతటివాడూ ఒకసారి అప్పులో పడ్డాడు.

రెండు వేల ఆరు వరదలో ఆయన ఎకరన్నర వరి కుళ్లిపోయింది. ఇరవై ఎనిమిది వేల పంట అప్పు బ్యాంకులో అలాగే ఉండిపోయింది. రెండేళ్లకు రైతు రుణమాఫీ ప్రకటించారు. వెంటనే జెరాక్సు షాపు మేడమీద ‘రుణ విముక్తి కేంద్రం’ అని బోర్డు లేచింది. దాని యజమాని మాణిక్యాలరావు.

“పేరు జాబితాలో ఎక్కాలంటే పైన మనుషులుండాలండీ. నాకున్నారు,” అని వీరన్న దగ్గర పదిహేను వందలూ, పొలం పాసుపుస్తకమూ పుచ్చుకున్నాడు. మాఫీ అయ్యాక నూటికి పది ఇస్తేనే పుస్తకం తిరిగి ఇస్తానన్నాడు.

జూన్ నెలాఖరున బ్యాంకు గోడమీద జాబితా అంటించారు. నూట పదిహేడో పేరు వీరన్నది.

“ఎవరికైనా డబ్బులిచ్చేరా? ఐదెకరాల లోపు రైతు, గడువు దాటిన పంట అప్పు. మీ పేరు దానంతటదే వస్తుందండీ,” అన్నాడు ఫీల్డాఫీసరు. “పాసుపుస్తకం తెస్తే ఈ పంటకు కొత్త అప్పు చూద్దాం.”

వీరన్న మేడెక్కాడు.

“ఎక్కించింది నేనే,” అన్నాడు మాణిక్యాలరావు. “రెండు వేల ఎనిమిది వందలు ఇవ్వండి. లేదంటారా, ఎక్కించినోడికి కొట్టేయించడం ఎంతసేపండీ?”

వీరన్న గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

“ఆయ్, అయితే కొట్టేయించండి మాణిక్యాలరావు గారూ! రేపు బ్యాంకు మూసేలోగా నా పేరు పోయిందంటే రెట్టింపిస్తాను. పోలేదంటే పుస్తకం ఊరికే ఇచ్చేయాలి.”

“అలాగే కానివ్వండి,” అన్నాడు మాణిక్యాలరావు.

ఇంట్లో భార్య బుజ్జమ్మ నెత్తి కొట్టుకుంది. “నిజంగానే కొట్టేయిస్తేనో? నీ నోరు పెట్టి అప్పు తీరుద్దా?”

“పైన మనుషులున్నారో, పైకప్పే ఉందో చూద్దామే.”

మర్నాడు వీరన్న బ్యాంకు ఎదుట ఖాళీ జాగాలో కాయలొలిచే గునపం పాతి, కాయలు దింపించుకుని ఒలవసాగాడు. కన్ను మాత్రం గోడమీదే. ఎవరు గోడ దగ్గరికెళ్లినా ఒలవడం ఆపి చూసేవాడు. సంగతి పాకి, మేడమీద పుస్తకాలిచ్చిన మరో పద్నాలుగు మందీ వచ్చి పీచుకుప్పల మీద కూర్చున్నారు. ఐదింటికి బ్యాంకు షట్టరు దిగింది. గోడమీద నూట పదిహేడు చెక్కుచెదరలేదు.

పదిహేను మందీ కలిసి మెట్లెక్కారు. మాణిక్యాలరావు పుస్తకాల కట్ట బల్లమీద పెట్టాడు.

“నా పదిహేను వందలో?”

“ఖర్చయిపోయినయ్యండీ…”

“ఆయ్. అలాగైతే బోర్డు పట్టుకెళ్తాను. మంచి టేకులా ఉంది.”

ఈ రోజుకీ కొట్లో వీరన్న మధ్యాహ్నం కూర్చుని అన్నం తినేది దానిమీదే. అక్షరాలు కిందికి పెట్టడు, పైకే పెడతాడు.