పేర్లు కదిలాయి, కళ్లు కదల్లేదు

సిద్దిపేటలో ఒక కంటి ఆసుపత్రిలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన మొదటి ఏడాది సంగతి ఇది. మాది చేర్యాల. పొద్దున ఏడు గంటల బస్సెక్కితే దవాఖాన తలుపులు తీసే వేళకు చేరేదాన్ని. రసీదులు కొట్టడం, చీటీలు రాయడం, ఫోన్లెత్తడం నా పని. ఆ ఎండాకాలం మూడు ఊళ్లలో ఉచిత కంటి పరీక్షలు పెట్టారు. శుక్లాలున్న వాళ్లను ఊరికొక రోజు చూసి, ఎవరికి ఏ కంటికి ఆపరేషన్ చెయ్యాలో ఆ ఊరి ఆశా కార్యకర్తలు ఫోన్లో ఒక యాప్‌లో నింపారు. ఆపరేషన్ల రోజు అందరినీ ఒకేసారి ఇక్కడికి తీసుకురావాలి. అప్పటికి అందరి పేర్లూ ఒకే జాబితాగా గోడకు అంటించాలన్నారు. ఆ పని నాకు అప్పగించారు.

శిబిరాల ఇన్‌ఛార్జి సారు యాప్ నుంచి దించిన మూడు సీఎస్‌వీ ఫైళ్లు, గడులను కామాలతో విడదీసేవి, ఊరికొకటి నాకు పంపాడు. మొదటిది చేర్యాలది. రెండుసార్లు నొక్కితే గడులుగడులుగా ఉండే లెక్కల షీట్‌లో తెరుచుకుంది. మా ఊరి ముసలివాళ్ల పేర్లు కనిపించాల్సిన చోట తలమీద గీతతో ఇంగ్లిష్ ఏ, పక్కన చిన్న సున్నా, ఆ తర్వాత ఏదో ఒక గుర్తు. మళ్లీ అదే ఏ, అదే సున్నా. గడి నిండా అదే వరుస. వయసులు, ఫోన్ నంబర్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పాడైనవి తెలుగు అక్షరాలే.

సారుకు చూపిస్తే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. యాప్ అట్లనే ఇస్తదని, కార్యకర్తలకు ఫోన్ చేసి ఒక్కొక్క పేరూ మళ్లీ టైపు చేసుకొమ్మని చెప్పి వెళ్లిపోయాడు. మూడు ఊళ్లు కలిపి నూరు మందికి దగ్గర. కూర్చుంటే రెండు రోజుల పని. నాకు మనసొప్పలేదు. పేర్లు నిజంగా పాడైతే ప్రతి గడిలో అదే ఏ, అదే సున్నా అంత క్రమంగా ఎందుకు వస్తాయి? అదే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అక్కడ అచ్చమైన తెలుగు కనిపించింది. ఫైలు బాగానే ఉంది, షీటే దాన్ని తప్పుగా చదువుతోంది.

కంప్యూటర్ కోర్సులో చెప్పినది అప్పుడు లీలగా గుర్తొచ్చింది. ఒక్కో తెలుగు అక్షరాన్ని ఫైలు మూడు ముక్కలుగా దాస్తుంది. ఆ మూడూ కలిపి ఒక అక్షరమని తెలియకపోతే, షీట్ ఒక్కో ముక్కను ఒక్కో ఇంగ్లిష్ గుర్తుగా చూపిస్తుంది. అందుకని ఫైలును రెండుసార్లు నొక్కకుండా ముందు ఖాళీ షీట్ తెరిచాను. డేటా మెనూలోకి వెళ్లి, టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి తెమ్మన్నాను. ఫైలు ఏ లిపి పద్ధతిలో ఉందని అడిగే చోట యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకున్నాను. కింద చిన్న కిటికీలో మా చేర్యాల పేర్లు వచ్చి నిలబడ్డాయి. ఒంటరిగా నవ్వుకున్నాను.

కుకునూరుపల్లి ఫైలు కూడా అట్లాగే వచ్చింది. అక్కన్నపేటది రాలేదు. అందులో పేర్ల చోట వట్టి ప్రశ్నార్థకాలు ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా అవే. ఏమైందో సారును అడిగితే తెలిసింది. ఆ ఒక్క ఫైలును ఆయన తన కంప్యూటర్లో ఎవరితోనో సరి చేయించి, తెలుగు కనిపించాక మళ్లీ మామూలు సీఎస్‌వీగానే సేవ్ చేశాడు. ఆ పద్ధతిలో తెలుగుకు చోటు లేదు. పట్టని ప్రతి అక్షరం ప్రశ్నార్థకమై కూర్చుంది. గజిబిజిగా కనిపించేదాన్ని వెనక్కి తేవచ్చు గాని, ప్రశ్నార్థకంగా మారినదాంట్లో వెతకడానికి ఏమీ మిగలదు. అక్కన్నపేట ఆశా అక్కకు ఫోన్ చేస్తే ఆమె యాప్‌లోంచి మళ్లీ దించి పంపింది. దాన్ని తెరవకుండానే ఒక నకలు వేరే ఫోల్డర్లో దాచాను. మిగతా రెండింటికీ అట్లాగే చేశాను.

తర్వాత మూడింటినీ ఒక కొత్త షీట్‌లో, విలువలు మాత్రమే, కిందకూ కిందకూ అతికించి వరుస పెట్టమన్నాను. వరుస వింతగా వచ్చింది. ఇంగ్లిష్‌లో నింపిన నాలుగు పేర్లు అన్నిటికన్నా పైకి పోయాయి. ముందు ఒక ఖాళీ ఉన్న పేర్లు కూడా పైకే పోయాయి. కంటికి కనిపించని ఆ ఖాళీలను ట్రిమ్ ఫార్ములాతో తీసేశాను. ఇంగ్లిష్ పేర్లను తెలుగులో రాశాను. అసలు చిక్కు ఇంటిపేర్లతో వచ్చింది. ఒక ఊళ్లో ఇంటిపేరు ముందు రాశారు, ఇంకో ఊళ్లో వెనక. ఏ ముక్క ఇంటిపేరో ఏ ఫార్ములాకూ తెలియదు. ఆశా అక్కను అడిగాను.

“ముసలోళ్లను ఇంటిపేరుతోటి ఎవరు పిలుస్తరు చెల్లె? పిలిచే పేరు ముందల పెట్టు. గదైతేనే వాళ్లకు దొరుకుతది” అంది.

ఇంటిపేరును వేరే గడిలోకి నేనే చేత్తో విడదీశాను. ఒక పూట పట్టింది. ఇప్పుడు వరుస అ నుంచి హ దాకా చక్కగా వచ్చింది. బడిలో మేం హ తర్వాత చదువుకున్న ళ మాత్రం ఇక్కడ ల పక్కకే వచ్చి కూర్చుంది. కంప్యూటర్ లెక్క అదేనని వదిలేశాను.

అప్పుడే సారు వచ్చి, వేలిముద్రలకు ఒక నిలువు గడి ఉండాలన్నాడు. పేరు, ఇంటిపేరు, ఊరు తర్వాత ఖాళీ గడుల నిలువు వరుస ఒకటి దూర్చాను. పైన శీర్షిక చేత్తో రాసుకోవచ్చని ఏమీ టైపు చెయ్యలేదు. దాని తర్వాత వయసు, ఏ కన్ను, ఫోన్ నంబరు. అంతలో మరో ఇద్దరి పేర్లు ఫోన్లో వస్తే అడుగున చేర్చి, పేరు మీద నొక్కి మరోసారి వరుస పెట్టాను. ఏ హెచ్చరికా రాలేదు. పేర్లను పైనుంచి కిందికి చదివి, సరిగ్గా ఉన్నాయనుకుని అచ్చు తీశాను.

ఆపరేషన్ల రోజు పొద్దున మూడు బస్సులు వచ్చాయి. కార్యకర్తలు గోడ దగ్గర వేలు పెట్టి తమ వాళ్ల పేర్లు ఇట్టే పట్టుకుంటుంటే నాకు లోపల గర్వంగా ఉంది. నర్సు జాబితా చూసి, ఆపరేషన్ చెయ్యాల్సిన కంటి పైన నుదుటి మీద చిన్న ప్లాస్టర్ ముక్క అతికిస్తోంది. కుకునూరుపల్లి నుంచి వచ్చిన ఒక తాత వంతు వచ్చింది. తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. భుజాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కుడి కంటి పైన ప్లాస్టర్ వెయ్యబోతే ఆయన నర్సు చెయ్యి పట్టుకున్నాడు.

“గీ కన్ను గాదు బిడ్డా. గిది మంచిగనే కనిపిస్తది. అవతలిది చెయ్యాలె.”

పెద్దాయన తికమక పడుతున్నాడేమో, ఒకసారి చూడమని నర్సు నా దగ్గరికి వచ్చింది. జాబితాలో ఆయన పేరు మీద వేలు పెట్టి అడ్డంగా జరిపాను. కుడి కన్ను. దాని పక్కన వయసు నలభై ఎనిమిది. తల ఎత్తి ఆయన్ని చూశాను. డెబ్బై దాటిన మనిషి.

జాబితాలో ఆయనకు పైన ఉన్న అవ్వను వయసు అడిగాను. అదీ కుదరలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే ఒక్క నిమిషంలో అర్థమైంది. నిలువునా పూర్తిగా ఖాళీగా ఉన్న వరుస కనబడితే షీట్ అక్కడితో పట్టిక అయిపోయిందనుకుంటుంది. పేరు, ఇంటిపేరు, ఊరు కలిసి కదిలాయి. ఖాళీకి అవతల వయసు, కన్ను, ఫోన్ ఉన్నచోటే ఉండిపోయాయి. కిందికి చేర్చిన రెండు పేర్లు మధ్యలోకి రావడంతో వాటి కింది వాళ్లందరి కళ్లూ వేరేవాళ్లవయ్యాయి.

తప్పు నాదే. గుట్టుగా సరిచేసి కొత్త కాగితం అంటించొచ్చని ఒక క్షణం అనిపించింది కూడా. కాని అప్పటికే ఇరవై మంది నుదుళ్ల మీద ప్లాస్టర్లున్నాయి. లోపలికి పరుగెత్తి డాక్టర్ మేడంకు చెప్పాను. నేను వరుస పెట్టడంలో పేర్లు ఒకదిక్కు, కళ్లు ఒకదిక్కు అయినయని, ఆపరేషన్‌కు ముందు వేసే చుక్కల మందు ఎవరికీ వెయ్యొద్దని అన్నాను. ఆమె చేతిలోని పెన్ను కింద పెట్టింది.

“లోపల నేను ప్రతి కన్ను మళ్ల చూస్తనే. అయినా కాగితం తప్పుండొద్దు. ఎంతసేపు పడ్తది?” అంది.

గంట అన్నాను. సరే అని బయటకొచ్చి నర్సుతో ప్లాస్టర్లన్నీ తీయించింది. ఆలస్యమైతదని సారు గొణిగితే, కానీయమని ఒక్క మాట అంది.

దాచిన నకళ్లను తీశాను. మూడు ఫైళ్లనూ మళ్లీ మొదటినుంచి తెచ్చి, ఫోన్లో వచ్చిన ఇద్దరినీ చేర్చాను. ఈసారి అన్నిటికన్నా ముందు ప్రతి మనిషికీ ఒక వరుస సంఖ్య ఇచ్చాను. విడదీసిన పేర్లను దాని పక్కన ఒక్కొక్కటిగా సరిపోల్చి పెట్టాను. ఖాళీ వరుస లేకుండా పట్టిక మొత్తం ఎంచుకుని, పేరును బట్టి వరుస పెట్టమన్నాను. వేలిముద్ర గడిని అన్నిటికన్నా చివర, శీర్షికతో సహా పెట్టాను. అప్పటికీ నాకు ధైర్యం చాలలేదు. ఆశా అక్క తన చేతిసంచిలోంచి నోటుబుక్కు తీసి పక్కన కూర్చుంది. యాప్‌లో నింపినవన్నీ అందులో పెన్నుతో కూడా రాసుకుందట. ఆమె పేరు, వయసు, కన్ను చదివింది, నేను తెర మీద చూసి టిక్కు పెట్టాను. మిగతా రెండు ఊళ్ల కార్యకర్తలూ తమ వాళ్ల వివరాలు అట్లాగే చదివారు. ఒక్కటీ తేడా రాలేదు. గంట కాదు, గంటన్నర పట్టింది.

తాతకు ఎడమ కన్ను. డెబ్బై మూడేళ్లు. కొత్త ప్లాస్టర్ వేస్తుంటే ఆయన తల ఊపాడు. సాయంత్రానికి అందరి ఆపరేషన్లూ అయ్యాయి.

తరువాతి వారం సారు నన్ను పిలిచి, ఫైళ్లు ఎట్లా తెరవాలో తనకూ చూపమన్నాడు. చూపించాను. కిందటిసారి ప్రశ్నార్థకాలు ఎట్లా వచ్చాయో కూడా చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. ఇద్దరం తప్పు చేసినవాళ్లమే కనుక మాట సులువుగా నడిచింది.

అంతకు ముందు, ఆపరేషన్ల మర్నాడు పొద్దున, రాత్రి దవాఖానలోనే పడుకున్నవాళ్ల కట్లు విప్పారు. నేను చుక్కల మందు చీటీలు పంచుతున్నాను. తాత చీటీ అందుకుని నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“నిన్న ఉరికినవు గదా బిడ్డా, గా పిల్లవు నువ్వేనా?” అన్నాడు.

నేనేనన్నాను. ఆ పొరపాటు నావల్లనే జరిగిందని కూడా చెప్పాను. ఆయన రోజుకు ఎన్నిసార్లు వెయ్యాలని మందు గురించి అడిగాడు. నాలుగుసార్లని చెప్పాను. నాలుగు వేళ్లు చూపించి సరేనా అని మరోసారి అడిగి, చీటీ జేబులో పెట్టుకుని కుకునూరుపల్లి బస్సు వైపు నడిచాడు.