పై పొగ ముందే చేరింది

పైలట్ల శిక్షణ బడిలో సిద్ధాంతం చెప్పే మాస్టారిది పందొమ్మిదేళ్లుగా ఒకటే పాఠం. రెక్క ముందు అంచున గాలి రెండుగా చీలుతుంది. పైన వంపెక్కువ, దారి పొడవు. వెనక అంచున కింది గాలిని సమయానికి కలుసుకోవాలి కాబట్టి పై గాలి పరుగెడుతుంది. పరుగెత్తినచోట ఒత్తిడి తగ్గి విమానం లేస్తుంది. రెండు బాణాలూ కలిసేచోట సుద్దతో చుక్క పెట్టి, విమానాన్ని తానే లేపినట్టు చేతులు దులుపుకొనేవాడు. ఎందుకు కలుసుకోవాలని ఎవరూ అడగలేదు. ఆయనా తనను తాను ప్రశ్నించుకోలేదు. ప్రశ్నించుకుంటే చుక్క పెట్టడం కష్టం.

ఈసారి ఒకమ్మాయి జవాబులో ‘కలుసుకోవు’ అని రాసింది. ఐదు మార్కుల ప్రశ్నకు సున్నా వేశాడు. నాలుగు మార్కుల తేడాతో ఆమె పరీక్ష తప్పింది. పాసైతేనే ఒంటరిగా విమానం నడపనిస్తారు. లేకపోతే ఆరు నెలలు నేల మీదే.

“తలకిందులుగా కూడా ఎగురుతారు కదా సార్, అప్పుడు పొడుగు దారి కిందకొస్తుందిగా?” అందామె.

“అది ప్రత్యేక సందర్భం తల్లీ.” తనకు తెలియనివాటన్నిటికీ మాస్టారు పెట్టుకున్న పేరది. “పద, గాలి సొరంగం దగ్గరే తేల్చుకుందాం.”

సొరంగం నడిపే మెకానిక్కమ్మ అందులో నమూనా రెక్కను ముందు అంచు కాస్త ఎత్తి బిగించి ఫ్యాను వేసింది. పొగను ఎప్పటిలా తీగలా కాకుండా తెంపి తెంపి వదిలింది. ఒక్కో పొగముక్కా ముందు అంచున రెండైంది. పైది జారిపోయి వెనక అంచు దాటేసింది. కిందిది ఇంకా దారిలోనే ఉంది. దాటాక కూడా కలవలేదు.

“మళ్లీ వెయ్యమ్మా,” అన్నాడు మాస్టారు. నాలుగుసార్లు వేయించాడు. గాలి మొహమాటపడలేదు.

“రెక్క గాలిని కిందికి మళ్లిస్తోంది సార్,” అంది మెకానిక్కమ్మ. “ఆ తోపుకి బదులుగా గాలి రెక్కని పైకి తోస్తుంది. అలా మళ్లేటప్పుడు రెక్క పైన ఒత్తిడి తగ్గుతుంది, అందుకే అక్కడ గాలి వేగం పుంజుకుంటుంది. అంతేగానీ అవతల ఎవరో ఎదురుచూస్తున్నారని కాదు.”

“నీకెప్పట్నించి తెలుసు?”

“పదకొండేళ్లయింది సార్.”

“మరి చెప్పలేదేం?”

“మీరెప్పుడూ తీగలా వదలమనేవారు. తీగలో ఏ గాలి ముందో ఏ గాలి వెనకో ఎలా తెలుస్తుంది?”

ఆఫీసులో గుమాస్తా మార్కులు మార్చే కాగితం ఇచ్చాడు. అందులో కారణాలు రెండే: కూడికలో తప్పు, దిద్దకుండా వదిలిన జవాబు.

“కూడికలో తప్పని పెట్టేయండి సార్,” అంది అమ్మాయి మెల్లగా. “నాకు మార్కులొస్తే చాలు.”

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కలం ఆ గడి దాకా వెళ్లింది కూడా. కానీ ఆమె జవాబు పత్రంలో ఆయన సరిగ్గా చేసింది కూడిక ఒక్కటే. దాన్నీ పాడుచేసుకోవడానికి మనసొప్పలేదు. ఐదుకి ఐదు వేసి, కారణాల పక్కన ‘దిద్దినవాడికి తెలియదు’ అని రాసి సంతకం పెట్టాడు.

గుమాస్తా చదివి తలెత్తాడు. “ఇలా రాస్తే పాత బ్యాచ్‌లవాళ్లూ వచ్చి మీద పడతారు సార్.”

“ఎవరూ రారులే,” అన్నాడు మాస్టారు. “వాళ్లంతా నేను చెప్పిందే రాసి పాసయ్యారు.”