ఉప్పు బస్తా మీద బెల్లం

మా గదిలో ఎవరైనా కాళ్ళు చాపుకుని పడుకోవాలంటే ముందు ఒక బస్తాని పక్కకి జరపాలి. రేవుకి దగ్గరలో ఒక సందు, ఆ సందులో పెంకుల కప్పు కింద ఒక్కటే గది. మా ఆయన హార్బరులో కళాసీ. ఓడ వస్తే పని, రాకపోతే లేదు. ఆ లేని రోజుల కోసమని నేను వన్ టౌన్‌లో టోకు కొట్ల నుంచి సరుకు బస్తాల లెక్కన తెచ్చి సందులోవాళ్ళకి చిల్లరగా అమ్మేదాన్ని. డెబ్భైల చివరి సంగతి ఇది. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న ఇంట్లో కూచోబెట్టి నేర్పిన చదువే నా చదువు. దానితోనే ఇన్నాళ్ళూ తక్కెడ పట్టుకుని నెగ్గుకొచ్చాను. ఆయనకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

కొనేవాళ్ళందరూ ఏ రోజు కూలి ఆ రోజు తినేవాళ్ళు. పావు కిలో పప్పు, గిద్దెడు నూనె, గుప్పెడు ఉప్పు. బజారు కొట్లో అంత తక్కువ అడిగితే విసుక్కుంటారు. నేను విసుక్కోను, అదే నా వ్యాపారం. ధరలో నాకు కొంచెం మిగులుతుంది. అయితే టోకు కొట్లో తూచిన బస్తా పొట్లాలుగా విడిపోయేసరికి అంత బరువు తూగదు. తక్కెడ ప్రతిసారీ కొనేవాళ్ళ వైపు కాస్త వాలాలి. ఆ పైన కొసరు. కొసరు వెయ్యందే ఎవరూ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోరు. పప్పుకి పురుగు, ఉల్లిపాయకి కుళ్ళు. సముద్రపు గాలికి గళ్ళుప్పు కూడా నీరు కారి బస్తా కింద మడుగు కడుతుంది. మిగిలిందని అనుకున్నదంతా ఇలా కళ్ళముందే తరిగిపోయేది.

దానికన్నా కష్టం, తలుపు వెయ్యలేకపోవడం. తెల్లారకముందే ఎవరో పిలిచేవారు. అన్నం కలుపుకున్న చెయ్యి కడుక్కుని లేచి తూచేదాన్ని. సింహాచలం కొండెక్కి స్వామిని చూసి ఏళ్ళు గడిచాయి. గూట్లో ఉన్న పటానికే దీపం పెట్టుకుని, ఈ పూట గడిపావు తండ్రీ అనుకునేదాన్ని.

ఆ ఏడు వెనక సందులో రెండు గదుల వాటా ఖాళీ అవుతోందని తెలిసింది. ఒక గదిలో సరుకు, ఒక గదిలో మేము. పిల్లలిద్దరూ గోనెల వాసన లేని చోట పడుకుంటారు. అడ్వాన్సు కోసం ఇంటావిడ వినాయక చవితి దాకా ఆగుతానంది. చవితికి బెల్లం బాగా పోతుంది. దాని మీదే ఆశ పెట్టుకుని వన్ టౌన్ వెళ్ళాను.

టోకు కొట్టు సాయిబుగారు పెద్దవారు. బెల్లం బస్తా అడగ్గానే తల అడ్డంగా ఊపారు.

"వానల్లో బస్తా ఎత్తకమ్మా. దిమ్మ చెమట పడుతుంది. ఇప్పుడు సగం, పండగ ముందు సగం పట్టుకెళ్ళు."

"సగమైతే ఈ ధరకిస్తారా బాబూ?"

"అదెలా కుదుర్తుంది?"

బస్తా మొత్తం తీసుకుంటేనే వాటా అడ్వాన్సుకి సరిపడా మిగులుతుంది. మొత్తం రిక్షాలో వేయించుకుని వచ్చాను.

ఎక్కడ పెట్టాలన్న చిక్కు ఇంటికొచ్చాక తెలిసింది. నేల మీదైతే చీమలు, గోడ వారనైతే చెమ్మ. ఉప్పు లక్ష్మి కదా అని, కాలు తగలకుండా ఉప్పు బస్తాని దేవుడి గూటి కిందే ఉంచేదాన్ని. ఉప్పుని దాటి చీమలు రావని చిన్నప్పటి నుంచి విన్నాను. పైగా ఇది వినాయకుడికి పోయే బెల్లం. దేవుడి ఎదుట, లక్ష్మి మీద ఉండడం కన్నా మంచి చోటేముంటుందని ఉప్పు బస్తా మీదే బెల్లం బస్తా పెట్టించి, పసుపు బొట్టు కూడా పెట్టాను.

ఆ వెంటనే వాయుగుండం పట్టింది. సందులో మోకాలి లోతు నీళ్ళు. ఓడల పని ఆగిపోయింది. తలుపు వేసుకుని నలుగురం బస్తాల మధ్య కూచున్నాం. పెంకుల సందుల్లోంచి కారిన చోటల్లా గిన్నె పెట్టి, ఏ బస్తా తడుస్తుందో అని చూసుకోవడమే పని. దేవుడి మూల మాత్రం కారలేదు. అందుకు ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో.

మా చిన్నది గూటి కింద నేల మీద వేలు రాసి నోట్లో పెట్టుకుంది.

"అమ్మా, తియ్యగా ఉన్నాదే. ఉప్పగానూ ఉన్నాది."

బస్తా విప్పాను. గాలిలో తడికి ఉప్పు నీరు కారి, ఆ నీరు గోనె పట్టి పైకి పాకింది. బెల్లం చెమట కిందికి దిగింది. అడుగు దిమ్మలు కరిగి ముద్దయ్యాయి. పై దిమ్మలు మెత్తబడ్డాయి. ఎక్కడ గిల్లి నోట్లో వేసుకున్నా నాలిక మీద ఉప్పు తగిలింది.

వాన తగ్గాక పక్కింటి అప్ప వచ్చింది. చేపల గంప మోసే మనిషి, నాకు సొంత అక్క లాంటిది.

"ఏటే, అలగ గోడకాసి సూత్తన్నావ్?"

చూపించాను. వేలితో తీసి చప్పరించింది.

"ఉండ్రాళ్ళలో సిటికెడు ఉప్పెయ్యరేటి? అమ్మేసీ. ఎవులికి తెలుస్తాది?"

"దేవుడికి పెట్టేది అప్పా. ఆళ్ళు నన్ను నమ్మి కొంటారు."

"ఇనాయకుడు బొజ్జ నింపుకుంటాడు గానీ రుసులు సూత్తాడేటే?"

మా ఆయన నవ్వలేదు. "అప్ప సెప్పినట్టు సెయ్యి. ఆ వాటా పోతే మళ్ళీ దొరకదు," అన్నాడు. ఆ మాట నాకూ తెలుసు. పిల్లల పక్క మీదికి నా చూపు పోయింది. గోనె పోగులు అంటుకున్న దుప్పటి.

చవితి ముందురోజు ఆడవాళ్ళు వరసగా వచ్చారు. తక్కెడ చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ దించేశాను.

"బెల్లానికి ఉప్పు తగిలింది. నైవేద్యానికి పనికిరాదు. బజార్లో తెచ్చుకోండి."

ఒకావిడ గొణిగింది. "ముందే సెప్పొచ్చు కదేటి. ఈ బురదలో మళ్ళీ నడవాలా?" మిగతావాళ్ళు బజారు దారి పట్టారు. పూజకి నేనూ బజారు నుంచే పావు కిలో బెల్లం చిల్లరగా కొని తెచ్చుకున్నాను.

పండగ వెళ్ళాక అప్పే రేవు అవతల గేదెలున్నామెని వెంటబెట్టుకొచ్చింది. ఆమె గేదె ఈనడానికి సిద్ధంగా ఉంది. ఈనిన గేదెకి బెల్లం పెడతారు, ఉప్పు తగిలినా దానికి అడ్డులేదు. ఆమె బిందెలు తెచ్చి ముద్దతో సహా ఊడ్చుకుపోయింది. ఇచ్చింది దాణా ధర. పెట్టుబడిలో సగం కూడా రాలేదు. వాటాలోకి వేరేవాళ్ళు దిగారు.

"పోన్లే," అంది అప్ప. "నువ్వెళ్ళిపోతే పొద్దుగూకే ఏళకి గుప్పెడు పప్పు మాకెవులిత్తారే? సామే ఆపీసేడు నిన్ను."

ఎంతో ప్రేమగా అంది. నాకు మాత్రం తలుపు మీద బయట నుంచి ఎవరో మెల్లగా చెయ్యి వేసి పట్టుకున్నట్టనిపించింది.

చేతిలో మిగిలినదానితో మళ్ళీ వన్ టౌన్ వెళ్ళాను. సాయిబుగారు బెల్లం ఊసెత్తలేదు. అర బస్తా కందిపప్పు ఎత్తించి, రిక్షావాడితో "మెల్లగా దించు," అని మాత్రం అన్నారు.

పప్పు దించిన రోజే గేదెలామె చిన్న చెంబుతో జున్నుపాలు తెచ్చింది. "నీ బెల్లం తిన్న గేదేనమ్మా," అంది. పాలు కాచి జున్ను చేసి, స్వామికి పెట్టి, పిల్లలకి పంచాను. తల్లీ బిడ్డా క్షేమంగా ఉన్నందుకు, మా ఇంటికి ఆ పాలు వచ్చినందుకు చేతులు జోడించాను. ఆ జున్నంత రుచి మళ్ళీ ఎరగను. కందిపప్పు బస్తా గది నడుమకి వచ్చింది. నలుగురం మోకాళ్ళు ముడుచుకుని దాని చుట్టూ కూచుని తిన్నాం. రెండో ముద్ద నోట్లో పెట్టుకునేలోగా గుమ్మంలో ఎవరో పావు కిలో అడిగారు. చెయ్యి కడుక్కుని లేచాను.