ఇంటిపేరు లేకపోతే నంబరు సేవ్ కాదా?

ఫోన్‌లో కొత్త నంబరు ఎక్కించుకునేటప్పుడు ఎదుటి మనిషి ఇంటిపేరు మీకెందుకు?

విశాఖ నుంచి లింగంపల్లి వచ్చే పగటి రైల్లో నా ఎదురు సీటు పెద్దాయన పులిహోర పొట్లం విప్పి, సగం నా చేతిలో పెట్టాడు. తుని దాటేసరికి రాజకీయాలు, రాజమండ్రి దాటేసరికి మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నాం. మా ఆవిడకు మోకాలి ఆపరేషన్ అయింది. హఫీజ్‌పేట్‌లో మాది లిఫ్టు లేని మూడో అంతస్తు. కింది పోర్షన్ కోసం వెతుకుతున్నామన్నాను.

“అయ్యో, కూకట్‌పల్లిలో మా కింది పోర్షన్ ఖాళీయేనండి! వాకిట్లోకే ఆటో వస్తుంది. ఆదివారం వచ్చి చూసుకోండి.”

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన రెండేసి అంకెలుగా నంబరు చెప్పాడు. నేను మిస్డ్ కాల్ ఇచ్చాను. సిగ్నల్ లేదు. స్టేషన్ దగ్గరపడ్డాక మళ్లీ ఇస్తే ఆయన ఫోన్ మోగింది. పేరు చెప్పాను.

“ఇంటిపేరండి?”

“ఎందుకండి?”

“ఈ పేరుతో నా ఫోన్లో నలుగురున్నారండి.”

“రైలు అని పెట్టుకోండి.”

నవ్వాడు. కానీ వదల్లేదు. మాది ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ వీధి, నీచు తింటామా, ఏ దేవుణ్ణి కొలుస్తాం? ఒక్కో ప్రశ్నకీ నా ముఖం చూసి లెక్క కట్టుకుంటున్నాడు. చివరికి గొంతు తగ్గించాడు.

“ఇంతకీ మీరేవిట్లండి?”

“మనుషులం.”

“నాకేం పట్టింపుల్లేవండి. మా ఆవిడకే కాస్త...”

నా కులమేమిటో ఆయనకు చెప్పలేదు, ఇక్కడా రాయను. ఏ కులమని రాస్తే మీ కోపం ఎక్కువో తక్కువో అవుతుందనుకుంటే, మీరూ ఆ ఎదురు సీట్లోనే కూర్చున్నారు.

ఆదివారం పొద్దున ఫోన్ చేశాను. “ఇచ్చేశామండి, మా చుట్టాలే దిగుతున్నారు” అన్నాడు. అనుమానమొచ్చి, మా ఆవిడ తన ఫోన్ నుంచి చేసి స్పీకర్ పెట్టింది. ఎత్తింది ఆయనే.

“ఖాళీగానే ఉందమ్మా, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి. మీ ఇంటిపేరేంటమ్మా?”

“కిరాయి ఇల్లు అడిగితే గిదేం ప్రశ్న? పెండ్లి సంబంధం చూస్తున్నవా?” అని ఫోన్ పెట్టేసింది.

ఆ పట్టింపు ఏ ఆవిడదీ కాదు. ఆయనదే. ఆ పట్టింపు వల్ల మా ఆవిడ ఇప్పటికీ ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి ఎక్కుతోంది. గాజు మేడల నానక్‌రామ్‌గూడలో నా పక్కన కూర్చుని పనిచేసేవాళ్లకు ఇదంతా చెబితే, “వేరే ఇల్లు చూసుకోరాదూ, ఎందుకింత పరేషాన్?” అన్నారు. ఆ మాట పెద్దాయన ప్రశ్న కంటే రోతగా ఉంది.

మీ ఇంట్లో పోర్షన్ ఖాళీగా ఉందా? అద్దె ఎప్పుడు కడతారో, ఎంతమంది ఉంటారో అడగండి. అక్కడితో ఆపండి. మీ నాన్న మూడో ప్రశ్న మొదలుపెడితే, అద్దెకొచ్చినవాళ్ల ముందే ఆయన నోరు మూయించండి.