చుర్రుమనే సీసా

“సీసా నాది, దుకాణం నాది. నచ్చకుంటే పో.”

“పోతున్న వదినా.”

మా ఇద్దరి నడుమ ఆఖరు మాటలు గివే. గట్లనే రాయి బిడ్డా, మీ అత్తనని నా మాటను మంచిగ చెయ్యకు.

వదినంటే మా ఆయన అక్క. ఆయన పోయినంక, ఆబిడ్స్ గల్లీల ఉన్న తన బ్యూటీ పార్లర్‌కు నన్ను తీస్కపోయి, చేతికి దారమిచ్చి కనుబొమ్మలు తీసుడు నేర్పింది. అత్తగారి తరఫున నాకు మిగిలింది ఆమె ఒక్కతే.

ఆమెదొక రివాజు. దారం పని అయినంక ఎవరికైనా సరే దూది మీద తన సీసాల టోనర్ నీళ్లు పోసి మొఖమంత రుద్దేది. స్పిరిట్ వాసన గుప్పుమనేది. కస్టమర్ “స్స్” అంటే ఆమెకు సంబురం. “చర్మం రంధ్రాలు మూసుకుంటున్నయమ్మా” అనేది.

“అవేమన్న తలుపులా వదినా, మూసుకోనీకి?” అంటే నవ్వేది.

జిడ్డు మొఖం పిల్లలకు ఎండకాలం అది హాయిగనే ఉండేది, అబద్ధం చెప్ప. పొడి చర్మమోళ్లకే చెంపలు బిగుసుకపోయి పొట్టు లేచేది. నెల నెలా వచ్చే ఒక టీచరమ్మకు చెంపలు ఎర్రగైనయి. నాకు మనసు ఒప్పలే. సుల్తాన్ బజార్ల స్పిరిట్ లేని టోనర్ తెచ్చిన, గ్లిజరిన్ ఉన్నది. చర్మానికి తేమనిచ్చే ఎసెన్స్ అని ఇంకో సీసా గూడ. అరచేతిల పోసుకొని మెల్లగ అద్దుడే.

వదిన చూసి, “ఏందిది, షర్బత్ దుకాణం పెట్టినవా?” అన్నది.

“నీ సీసా కంటే నయం, అది కల్లు దుకాణం” అన్న.

అప్పటిదాంక నవ్వులాటనే. ఆ దినమే ఒకామె కుర్చీలకెల్లి లేసి, “ఇయ్యాల మండుతలేదేంది, ఉట్టి నీళ్లు పూసిన్రా?” అన్నది. వదిన మొఖం మాడిపోయింది. మంట లేకుంటే పని చేసినట్టు ఎవరు నమ్ముతరని ఆమె, చర్మం పాడైతే ఎవరొస్తరని నేను. మాట మీద మాట పెరిగింది. బ్యాగు తీస్కొని వచ్చేసిన.

నాంపల్లిల ఇంకో పార్లర్ల పనికి కుదిరిన. కొన్నాళ్లకు ఆ టీచరమ్మ నన్ను ఎతుక్కుంట వచ్చింది. చెంపలు మంచిగైనయి. నేను ఎసెన్స్ సీసా తీస్తే చెయ్యి పట్టి ఆపింది.

“చర్మం డాక్టర్ ఇవేవీ అక్కర్లేదన్నడమ్మా. మెత్తటి ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. నాకు గంతే చాలట. మండేది అసలే వద్దన్నడు. ఈ నీళ్లది పూసినా తప్పు లేదు, పూయకున్నా తక్కువ లేదట.”

నేను సీసా మూత పెట్టిన. వదినది తప్పే, కానీ నాది గూడ లేకుంటే నడిచేదే. ఆ రెండిటి కోసం మేమిద్దరం ఇడిపోయినం.

పోయి చెప్దామనుకున్న. నాంపల్లి నుంచి ఆబిడ్స్ ఎంత దూరం, నడిస్తే చెమట గూడ పట్టదు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటనే ఉన్న. వదిన దవాఖానల పానం ఇడిచిందని, దినాలు గూడ చేసినంకనే తెలిసింది.

ఆమె మాట చెప్పనీకి ఇప్పుడు ఆమె లేదు. నేనొక్కదాన్నే చెప్తున్న. ఎక్కడన్న ఆమెను తక్కువ చేసిన్నేమో, జర మొదటి నుంచి చదువు బిడ్డా.