గోడ మీది ప్లాన్, నా చేతిలో ప్లాన్

కాలేజీలో నాకు దర్శకత్వం ఇవ్వలేదు, మా కేరళ ఫ్రెండ్‌కి ఇచ్చారు. నోరు ఎక్కువని, కాగితం పని బాగా చేస్తానని చెప్పి అసిస్టెంట్ డైరెక్టర్‌ని చేశారు. ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంతోనే షాట్ లిస్టూ షూటింగ్ ప్లానూ ఎవరూ వేలెత్తి చూపలేనంత నీటుగా తయారు చేశాను.

కరోనా సెలవులు అయిపోయి కాలేజీ మళ్లీ తెరిచిన ఏడాది అది. సెమిస్టర్‌కి ఏడు నిమిషాల సినిమా తీయాలి. ఒకే లొకేషన్, ఇద్దరే నటులు. బయట తీయాలంటే అనుమతుల తలనొప్పి కాబట్టి దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో మా ఫ్లాట్ హాలునే లొకేషన్ చేశాం. ఉద్యోగం పోయిన సంగతి కూతురికి చెప్పకుండా రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లే తండ్రి కథ. కూతురుగా మా క్లాసులోని నెల్లూరు అమ్మాయి. తండ్రిగా మా నాన్నే. పదిహేనేళ్లుగా క్వారీ కంపెనీలో స్టోర్ కీపర్. కెమెరా ముందు నిలబడటం అదే మొదటిసారి. సంబరం అంతా ఇంతా కాదు, వారం ముందు నుంచే అద్దం ముందు డైలాగులు.

మొత్తం ఇరవై రెండు షాట్లు. కథ వరసలో తీస్తే లైట్లు, కెమెరా ఇరవై రెండు సార్లు అటూ ఇటూ జరపాలి. అందుకని కిటికీ వైపు చూసే షాట్లు పదకొండూ ఒక కట్టగా, తలుపు వైపు చూసేవి పదకొండూ ఇంకో కట్టగా విడదీశాను. ప్రతి కట్టలో ముందు వైడ్, తర్వాత క్లోజప్‌లు. ఎవరు ఏ చేత్తో ఏం పట్టుకున్నారో పక్కన ఒక గడి. నాన్న టీ గ్లాసు కుడి చేత్తో పట్టుకోవాలి, సగం వరకే టీ ఉండాలి. ఆయనకి షుగర్ కాబట్టి అందులో పంచదార వేయొద్దని కూడా నేనే రాశాను. టైమింగులు పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి హాలు గోడకి అంటించాను. పన్నెండున్నర: భోజనం.

నవంబర్ నెల. ఉదయం లైట్లు సర్దేసరికే గంట ఆలస్యమైంది. పన్నెండుకి కిటికీ కట్టలో ఇంకా ఐదు షాట్లు మిగిలాయి. సోఫా మీదికి ఎండ అప్పుడే వస్తోంది, రెండు దాటితే ఉండదు. దర్శకురాలు, అదే మా కేరళ ఫ్రెండ్, ఎండ ఉండగానే కిటికీ షాట్లు లాగేద్దామంది. నాకూ అదే సబబనిపించింది. నా చేతిలోని కాపీలో భోజనాన్ని పెన్సిల్‌తో కొట్టేసి రెండు గంటలకి జరిపాను. కెమెరా కుర్రాడికి చెప్పాను. నెల్లూరు అమ్మాయికి చెప్పాను. గోడ మీది కాగితం దిద్దలేదు. నాన్నకి చెప్పలేదు. ఇంట్లో మనిషే కదా అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మాటలున్న షాట్లకి ఏసీ ఆపాలి, లేకపోతే దాని హోరు రికార్డవుతుంది. రోడ్డు మీద ట్రక్కుల మోత రాకుండా కిటికీలు మూసేశాం. పైగా లైట్లు. గది ఉడికిపోతోంది. పన్నెండు ముప్పావుకి నాన్న నుదురు, మెడ చెమటతో తడిసిపోయాయి. టిష్యూ ఇవ్వబోతే దర్శకురాలు వద్దంది, ఆ చెమట పాత్రకి సరిపోయిందట. నేనూ తలూపాను.

ఒంటిగంటకి తొమ్మిదో షాట్. సోఫాలో కూర్చుని టీ తాగుతూ, ఈరోజు లోడింగ్ ఎక్కువ, ఆలస్యమవుతుందని కూతురికి అబద్ధం చెప్పాలి. క్లాప్ కొట్టాం. నాన్న గ్లాసు ఎడమ చేత్తో తీశాడు. కంటిన్యుటీ పోయింది, ముందు షాట్‌తో అతకదని మొదట చిరాకేసింది నాకు. గ్లాసు వణికింది. టీ లుంగీ మీద ఒలికింది. ఆయన దాని వంకైనా చూడలేదు. నెల్లూరు అమ్మాయి తన డైలాగ్ చెప్పి ఆగింది.

"బస్సొచ్చిందా?" అన్నాడు నాన్న.

దర్శకురాలు మురిసిపోయి, కెమెరా ఆపొద్దని చేత్తో సైగ చేసింది. మనిషి సొంతంగా అల్లుకుపోతున్నాడనుకుంది. నేను కాగితం మీద వేలు పెట్టి వెతికాను. తొమ్మిదిలో లేదు. పదిలో లేదు. ఇరవై రెండు షాట్లలో ఎక్కడా బస్సు అన్న మాటే లేదు. అది క్వారీ బస్సు. రోజూ తెల్లవారుజామున మా వీధి చివరికి వచ్చే బస్సు.

నాన్నకి షుగర్ పడిపోతోందని అప్పుడు తట్టింది. అయినా నోరు లేవలేదు. కట్ చెప్పే హక్కు దర్శకురాలిదే, టేక్ మధ్యలో ఇంకెవరూ మాట్లాడకూడదు. ఆ రూలు అందరికీ వల్లె వేయించింది నేనే. ఆ క్లిప్ ఇంకా నా దగ్గరుంది. బస్సొచ్చిందా అన్న మాటకీ, కట్ అన్న నా అరుపుకీ మధ్య ముప్పై ఎనిమిది సెకన్లు. కన్నతండ్రి కళ్లెదుట తప్పిపోతుంటే ముప్పై ఎనిమిది సెకన్లు కాగితం చూసుకున్నాను.

అరిచాక అంతా ఒకేసారి కదిలారు. నెల్లూరు అమ్మాయి కంగారులో ఆయన చేతిలోని టీనే తాగించింది. రెండు గుక్కలు పోయాక నాకు గుర్తొచ్చింది, అందులో పంచదార లేదు. వంటింట్లోకి పరిగెత్తాను. మా కోసం తెచ్చుకున్న మామిడిపండు జ్యూస్ కనిపించింది. గడ్డం పట్టుకుని తాగమన్నాను. నన్ను గుర్తుపట్టనట్టు చూశాడు. మింగుతాడో లేదో, పొలమారుతుందేమోనని భయం. అంబులెన్స్‌కి చేయడానికి ఫోన్ పట్టుకుని కెమెరా కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న మింగాడు. మళ్లీ మింగాడు. షుగర్ మెషీన్‌తో వేలు గుచ్చి చూస్తే యాభై రెండు. ఇంకో గ్లాసు పట్టాను. పావుగంట తర్వాత ఎనభై దాటింది. అప్పటికి కళ్లలోకి మనిషి తిరిగొచ్చాడు. ఫోన్ లోపల పెట్టమన్నాడు.

నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి, పొద్దున టిఫిన్ తిన్నావు కదా, మరి ఎందుకిలా అయిందని అడిగాను. ఆయన గోడ వైపు చూపించాడు.

"అన్నం పన్నెండున్నరకని రాసినవ్ గదా. అన్నానికి ముందు షుగర్ గోలి పన్నెండింటికే ఏస్కున్న. జర నిన్ను అడిగి ఏస్కుంటే అయిపోతుండె. మీ పని ఖరాబ్ చేసిన, బిడ్డా."

మా క్లాసువాళ్లంతా తలలు దించుకున్నారు. నేను ఏడవలేదు, ఏడిస్తే ఆయన మళ్లీ సారీ చెబుతాడని భయపడ్డాను. అన్నం కలిపి తెచ్చాను. రెండు ముద్దలు తిన్నాడో లేదో, లేడీస్ టైలరింగ్ షాపులో పనిచేసే అమ్మ ఫోన్ చేసింది. మధ్యాహ్నం గోలీ, అన్నం సంగతి నా మీద వేసి వెళ్లింది ఆవిడ. స్పీకర్‌లో అడుగుతోంది, నాన్నకి టైముకి పెట్టావా అని. నిజం చెప్పాలనే నోరు తెరిచాను.

నాన్న ఎడమ చేత్తో ఫోన్ నా దగ్గర్నుంచి తీసుకున్నాడు.

"తిన్న. పన్నెండున్నరకే పెట్టింది బిడ్డ," అన్నాడు.