మాదన్న కట్టిన వేళ్ళు

మా అన్న మాదన్న ఒక ఈస్టరు తర్వాత చచ్చేదాకా మగ్గం తాడును ఎడమ చేత్తోనే లాగాడు. మొండితనం అంటారు జనం. నేనొప్పుకోను, అది శుద్ధ పిచ్చి. ఎమ్మిగనూరులో నేతగాడికి గిటారెందుకని ఊరు నవ్వింది, నేనూ నవ్వాను.

ఆదోని నుంచి శాంతకుమారి టీచరమ్మ ఆదివారాలు మా చర్చి గుడికి వచ్చి గిటారు వాయించేది, అన్నకూ నేర్పేది. 1938లో ఆమెకు దూరానికి బదిలీ అయింది. "ఈస్టరుకు నువ్వు వాయిస్తే గిటారు ఈడనే ఉంటాది మాదన్నా. లేదంటే మిషనోళ్ళు దాన్ని ఆదోనికి తీసకపోతారు," అంది. అన్నకు ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

కుడి చెయ్యి పెట్టే తీరు త్వరగానే వచ్చింది. ముంజేయి గిటారు పెట్టె పైఅంచున ఆనించాలి, మణికట్టు కుంగకూడదు, బొటనవేలు మిగతా వేళ్ళకంటే ముందుకు, గిటారు మెడ వైపు ఉండాలి. బొటనవేలు లావు తీగలను ఒకటి మార్చి ఒకటి మీటుతూ తాళం నడపాలి. సన్న తీగలు మూడింటి మీద మూడు వేళ్ళు పాట పలికించాలి. అక్కడే వచ్చింది తంటా. వేలు తీగ లాగితే బొటనవేలూ దానితోపాటు లాగేది, లేదా ఆగిపోయేది. పగలంతా పిడికిలితో తాడు గుంజే చెయ్యి కదా, వేళ్ళన్నీ ఒక్కటిగా కదలడమే దానికి తెలుసు.

"మూడు వేళ్ళనూ తీగల మీద ఊరికే ఆనించి పెట్టు. బొటనవేలొక్కటే ఆడించు. నువ్వు మాట్లాడతాన్నా అది ఆగకూడదు. నిదానంగా పో అప్పా," అని చెప్పి వెళ్ళింది ఆమె.

నిదానం మా ఇంట్లో ఎవరికుంది? ఆ మూడు వేళ్ళు కుదురుగా ఉండడం లేదని, అన్న వాటిని వెదురు పుల్లకు పడుగు నూలుతో కట్టేశాడు. జారని ముడి వేయడం నేతగాడికి చెప్పాలా. పొద్దుగూకితే కట్టు, తెల్లారితే విప్పు. వేళ్ళ కొసలు నల్లబడటం చూసి ఆ కట్టు మీద చెయ్యి వేశాను.

"యాందన్నా ఇది, ఇప్పెయ్."

"పోవే సారమ్మా. బొటనేలు దానంతట అదే పోతాంది, సూడు."

నిజమే. నాతో మాట్లాడుతున్నా, నవ్వుతున్నా అది ఆగడం లేదు. నాకది మంచిగా అనిపించలేదు. అన్నం ముద్ద అతని వేళ్ళ నుంచి జారిపోయిన రోజు ఏడ్చాను. తిమ్మిరి, పోతాదిలే అన్నాడు.

ఈస్టరు నాడు గుడి నిండింది. అన్న కూర్చున్నాడు. బొటనవేలు మొదలుపెట్టింది, ఎక్కడా తడబడలేదు. మూడు వేళ్ళు సన్న తీగల మీద ఆనాయి. వంగాయి గానీ తీగ తగిలిందో లేదో వాటికి తెలియడం లేదు. కొక్కెంలా తీగను పట్టి లాగలేదు, పాట రాలేదు. ఇదింకా మొదలే అనుకుని జనం ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. అన్న ముఖం చూసి నేను లేచి వెళ్ళాను. ఆ చెయ్యి పట్టుకున్నాను. మూడు వేళ్ళూ చల్లగా ఉన్నాయి. బొటనవేలు మాత్రం నా అరచేతిలో ఇంకా మీటుతూనే ఉంది.